ఆ లింకు నొక్కిందెవరు?

మార్కెటింగ్ మెయిల్ అడుగున సన్నటి అక్షరాల్లో ఉండే 'అన్‌సబ్‌స్క్రైబ్' మీద మౌసు ఆనించండి. నొక్కకండి. బ్రౌజర్ కింది మూలన ఒక అడ్రసు కనిపిస్తుంది. మెయిల్ పంపింది చీరల దుకాణమే అయినా, ఆ అడ్రసులో దుకాణం పేరు చాలాసార్లు ఉండదు. మీరెన్నడూ వినని డొమైన్, దాని వెనక రెండు మూడు లైన్ల పొడవున అర్థంకాని అక్షరాలు ఉంటాయి. ఆఫీసు మెయిల్‌లో చూస్తే ఇంకో చిత్రం: అదే లింకు మైక్రోసాఫ్ట్ పేరుతోనో, ఏదో సెక్యూరిటీ కంపెనీ పేరుతోనో మొదలవుతుంది. జాగ్రత్తపరులకు ఇది మోసంలా కనిపిస్తుంది. ముక్కూమొహం తెలియని లింకు నొక్కొద్దని మనమే కదా అందరికీ చెబుతుంటాం!

చాలా సందర్భాల్లో ఇది మోసం కాదు. దుకాణం రాసిన లింకును దారిలో ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు తిరగరాశారు, అంతే. ఎవరి కారణం వారికి ఉంది. విడివిడిగా వింటే అన్నీ సబబుగానే తోస్తాయి. ఇబ్బందంతా అవి ఒకే లింకు మీద కలిసినప్పుడు, అందులోనూ ఆ లింకు అన్‌సబ్‌స్క్రైబ్ అయినప్పుడు మొదలవుతుంది.

ఒక ఊహా ఉదాహరణతో లింకు వెంట నడుద్దాం. దుకాణం డొమైన్ `shop.example` అనుకోండి. దసరా తగ్గింపుల గురించి వాళ్ళు రాసిన మెయిల్‌లో ఉన్న లింకు ఇంతే:

```
<a href="https://shop.example/dasara">తగ్గింపులు చూడండి</a>
```

వేలమందికి మెయిల్ పంపే పని దుకాణం సొంతంగా చెయ్యదు. మెయిల్‌చింప్, సెండ్‌గ్రిడ్, అమెజాన్ ఎస్‌ఈఎస్ లాంటి పంపిణీ సేవల్లో ఒకదానికి అప్పగిస్తుంది. క్లిక్ ట్రాకింగ్ ఆన్‌లో ఉంటే ఆ సేవ మెయిల్ పంపే ముందు హెచ్‌టీఎంఎల్ అంతా వెతికి, కనబడిన ప్రతి లింకునూ తీసి, దాని స్థానంలో తనది పెడుతుంది:

```
<a href="https://click.shop.example/c/7Qk2mZ">తగ్గింపులు చూడండి</a>
```

చివర ఉన్న `7Qk2mZ` ఒక టోకెన్. ఎవరికి పంపిన మెయిల్, ఏ విడత ప్రచారం, అందులో ఎన్నో లింకు, అసలు గమ్యం ఏది అన్నవన్నీ ఆ టోకెన్‌తో సేవ తెలుసుకోగలదు. మీరు నొక్కితే ముందు సేవ సర్వర్‌కు వెళతారు. అది టైము, ఐపీ అడ్రసు, బ్రౌజర్ రకం రాసుకుని 'అసలు పేజీ అక్కడుంది, అటు వెళ్ళు' అని రీడైరెక్ట్ చేస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది కాబట్టి మధ్యలో ఆగినట్టే తెలియదు. రెండు వేల మందికి పంపితే ఒకే గమ్యానికి రెండు వేల వేర్వేరు లింకులు తయారవుతాయి. మీ లింకు మీ ఒక్కరిదే.

ఇలా ఎందుకు చేస్తారంటే మొదటి జవాబు అందరికీ తెలిసిందే: ఎవరు నొక్కారో లెక్క కావాలి. ఒకప్పుడు మెయిల్‌లో కనిపించని చుక్కంత బొమ్మ పెట్టి, అది లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్కేసేవారు. 2013 చివర్లో జీమెయిల్ బొమ్మలను తన సర్వర్ల ద్వారా తెప్పించడం మొదలుపెట్టింది. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో, వినియోగదారు మెయిల్ తెరిచినా తెరవకపోయినా, బొమ్మలను ముందే దించేసే ఏర్పాటు తెచ్చింది. దాంతో 'తెరిచారు' అన్న అంకెకు విలువ పోయింది. మార్కెటింగ్ వాళ్ళ ఆశంతా క్లిక్కుల మీదికి మళ్ళింది.

రెండో కారణం గురించి బయట ఎక్కువగా మాట్లాడరు. ఒకసారి పంపిన మెయిల్‌ను వెనక్కి పిలవలేం, కానీ దారి మధ్యలో తమ సర్వర్ ఉంటే గమ్యాన్ని మార్చొచ్చు. దుకాణం తప్పు పేజీ ఇచ్చిందని తెలిస్తే సరిదిద్దొచ్చు. ఎవరో ఖాతా దొంగిలించి ఫిషింగ్ మెయిల్ పంపారని తెలిస్తే ఆ లింకులన్నీ ఒక్క దెబ్బతో మూసెయ్యొచ్చు. ఒకే ఐపీ అడ్రసు నుంచి వందల కంపెనీల మెయిల్ పంపే సేవకు ఇది అవసరమే, ఒక్కరి పాపం అందరికీ చుట్టుకుంటుంది మరి.

ఈ టోకెన్ లింకుకూ, లింకు చివర `utm_source`, `fbclid` అంటూ తగిలించే తోకలకూ తేడా ఉంది. తోక కోసేసినా లింకు పనిచేస్తుంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి ఆపిల్ మెయిల్, మెసేజెస్, సఫారీ ప్రైవేట్ బ్రౌజింగ్‌లలో చేస్తున్నది అదే. మనుషులను విడిగా గుర్తుపట్టే `fbclid`, `gclid` లాంటి తోకలను అది కోసేస్తుంది. టోకెన్ లింకులో కోయడానికేమీ లేదు. `7Qk2mZ` తీసేస్తే ఎక్కడికెళ్ళాలో సేవ సర్వర్‌కే తెలియదు. 'లింకు శుభ్రం చేస్తాం' అనే ఉపకరణాలు మార్కెటింగ్ మెయిల్ దగ్గర చేతులెత్తేసేది ఇందుకే.

ఇక అవతలి ఒడ్డుకు వద్దాం. మెయిల్ అందుకున్నది హైటెక్ సిటీలో ఒక ఐటీ కంపెనీ ఉద్యోగి, ఆఫీసు అడ్రసుకు అనుకుందాం. ఆ కంపెనీ మైక్రోసాఫ్ట్ వారి సేఫ్ లింక్స్ వాడుతోంది. ఇన్‌బాక్స్‌కు చేరేసరికి మన లింకు ఇలా మారుతుంది:

```
https://apc01.safelinks.protection.outlook.com/
  ?url=https%3A%2F%2Fclick.shop.example%2Fc%2F7Qk2mZ
  &data=05%7C02%7C...&sdata=...&reserved=0
```

`url=` తర్వాత ఉన్నది పాత లింకే. `%3A` అంటే కోలన్, `%2F` అంటే గీత. అంటే పంపిణీ సేవ కట్టిన మూట మీద మైక్రోసాఫ్ట్ ఇంకో మూట కట్టింది. ప్రూఫ్‌పాయింట్ అనే మరో కంపెనీ కట్టే మూట `urldefense` అనే పేరుతో కనిపిస్తుంది. వెబ్‌లో జీమెయిల్ తీరు వేరు. అక్కడ లింకు కనబడటం మామూలుగానే కనబడుతుంది గానీ, నొక్కినప్పుడు `google.com/url` మీదుగా వెళుతుంది.

వీళ్ళు తిరగరాయడానికి లెక్కలతో పనిలేదు, వాళ్ళ భయం వేరు. మెయిల్ వచ్చిన క్షణంలో లింకు వెనక ఉన్న పేజీని పరీక్షిస్తే సరిపోదని ఈ రంగంలో ఉన్నవాళ్ళకు అనుభవంతో తెలిసింది. మోసగాడు అర్ధరాత్రి మెయిల్ పంపుతాడు. అప్పటికి పేజీ ఖాళీగా, అమాయకంగా ఉంటుంది. ఫిల్టర్లు దాటి మెయిల్ ఇన్‌బాక్స్‌లో పడ్డాక, తెల్లారేలోపు అదే అడ్రసులో నకిలీ లాగిన్ పేజీ పెడతాడు. కాబట్టి లింకు నొక్కే క్షణంలో మళ్ళీ పరీక్షించాలి. అలా పరీక్షించాలంటే ఆ క్లిక్కు ముందు తమ గుమ్మం తొక్కాలి. గుమ్మం తొక్కించడానికి మార్గం లింకును మార్చడమే.

దీనికి రెండు మూల్యాలున్నాయి. మొదటిది గోప్యత. సేఫ్ లింక్స్ అడ్రసులోని `data=` భాగాన్ని విప్పి చూస్తే అందులో మెయిల్ అందుకున్న వ్యక్తి ఈమెయిల్ అడ్రసు ఉంటుంది. ఆఫీసు మెయిల్‌లోని లింకును కాపీ చేసి వాట్సాప్ గ్రూపులో పడేస్తే దానితో పాటు మీ ఆఫీసు అడ్రసునూ పంచినట్టే. రెండోది డీకిమ్ సంతకం. పంపినవారు మెయిల్ ఒంటిని కూడా కలుపుకుని డిజిటల్ సంతకం చేస్తారు. పంపిణీ సేవ లింకులు మార్చేది సంతకానికి ముందు, కాబట్టి దానికి చిక్కులేదు. అందుకునేవైపు మార్చేది సంతకం సరిచూశాక. ఆ మెయిల్ అక్కడే ఉంటే ఫరవాలేదు. ఆటోమేటిక్‌గా మరో ఖాతాకు ఫార్వర్డ్ అయితే మాత్రం ఒళ్ళు మారింది కాబట్టి సంతకం కలవదు, అవతలి సర్వర్ దాన్ని అనుమానంగా చూస్తుంది. ఆఫీసు నుంచి సొంత జీమెయిల్‌కు మళ్ళించుకున్న మెయిళ్ళు స్పామ్‌లో తేలడానికి ఇదొక కారణం.

ఇప్పుడు అసలు గొడవ. ఈ కాపలా వ్యవస్థల్లో చాలావాటికి మెయిల్ రాగానే లింకులన్నిటినీ తామే ఒకసారి తెరిచి చూసే అలవాటుంది. నొక్కింది మనిషా, యంత్రమా అన్నది పంపిణీ సేవకు తెలియదు. పది గంటలకు మెయిల్ వెళ్ళిందనుకుందాం. సేవ సర్వర్ లాగ్‌లో ఒక గ్రహీత పేరిట ఇలాంటి వరసలు పడతాయి:

```
10:00:07  HEAD /c/7Qk2mZ
10:00:07  GET  /c/7Qk2mZ
10:00:07  GET  /c/7Qk2n4
10:00:08  GET  /c/7Qk2n9
10:00:08  GET  /u/9fKx31
```

చివరి వరసలో `/u/` అన్నది అన్‌సబ్‌స్క్రైబ్. దుకాణం వాళ్ళ వ్యవస్థలో ఆ లింకు తెరవగానే పేరు జాబితాలోంచి పోయేలా పెట్టి ఉంటే, ఆ ఉద్యోగి మెయిల్ చూడకముందే జాబితా నుంచి వెళ్ళిపోయాడు. ఆ కంపెనీలో నలభైమంది కస్టమర్లుంటే నలభైమందీ వెళ్ళిపోతారు. పైగా వెళ్ళేముందు తగ్గింపుల లింకును కూడా 'ఆసక్తిగా' నొక్కి మరీ వెళ్ళినట్టు నమోదవుతుంది.

ఇది యంత్రం పనని పట్టుకోవడం కష్టం కాదు. మెయిల్ చేరిన కొన్ని సెకన్లలోనే క్లిక్కు, అన్ని లింకులూ మెయిల్‌లో ఉన్న వరసలోనే, ముందు `HEAD` తర్వాత `GET`, ఐపీ అడ్రసు ఇంటర్నెట్ కంపెనీది కాకుండా ఏదో డేటా సెంటర్‌ది, ఒకే డొమైన్‌కు చెందిన వాళ్ళందరిదీ ఒకే తీరు. కొందరు మనిషి కంటికి కనబడని లింకొకటి మెయిల్‌లో దాస్తారు, దాన్ని నొక్కినవాడు మనిషి కాడు. అయినా ఏ గుర్తూ పూర్తిగా నమ్మదగింది కాదు. కాపలా కంపెనీలు కావాలనే మామూలు బ్రౌజర్‌లా నటిస్తాయి, ఎందుకంటే తమను గుర్తుపట్టిన మోసగాడు తమకొక పేజీ, మనుషులకొక పేజీ చూపిస్తాడు. కాపలావాడిని గుర్తుపట్టాలని మార్కెటింగ్ వాడి తాపత్రయం, దొరక్కూడదని కాపలావాడి తాపత్రయం. నన్నడిగితే ఈ ఆటలో మార్కెటింగ్ వాడు ఓడిపోవడమే జనానికి మంచిది. కార్పొరేట్ అడ్రసుల క్లిక్కు శాతాలు చూసి సంబరపడే ప్రెజెంటేషన్లు ఎన్ని వస్తున్నాయో గానీ, వాటిలో యంత్రాల వాటా తీసేసి చూపించేవి అరుదు.

క్లిక్కు లెక్క తప్పితే ఓ గ్రాఫు తప్పుతుంది, అంతే. అన్‌సబ్‌స్క్రైబ్ తప్పితే మనిషి ఇష్టం తప్పుగా నమోదైనట్టు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు పట్టించుకున్నది ఈ రెండోదాన్నే. మెయిల్ హెడర్‌లో `List-Unsubscribe` అనే వరస పెట్టే పద్ధతి 1998 నుంచీ ఉంది. అందులో వెబ్ లింకు ఇస్తే దాన్ని కూడా స్పామ్ వడపోతలు తెరిచేసేవి. అందుకని 2017 జనవరిలో ఆర్‌ఎఫ్‌సి 8058 వచ్చింది. అది చేసిన మార్పు చిన్నది, కానీ సరిగ్గా చోటుచూసి చేసింది:

```
List-Unsubscribe: <https://shop.example/u/9fKx31>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

వెబ్‌లో `GET` అంటే 'చూపించు' అని, `POST` అంటే 'ఈ పని చెయ్యి' అని. పరీక్ష కోసం లింకులు తెరిచే యంత్రాలు సాధారణంగా `GET` తోనే ఆగుతాయి. కాబట్టి `GET` వస్తే పేరు తీసెయ్యకూడదు, `POST` వస్తేనే తీసెయ్యాలి. మీ మెయిల్ యాప్‌లో పైన, పంపినవారి పేరు పక్కన కనిపించే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కితే, పంపినవారు ఈ పద్ధతి పాటించి ఉంటే, మీ మెయిల్ సంస్థే ఆ `POST` పంపుతుంది. కుకీలు వెళ్ళవు, లాగిన్ అడగడం ఉండదు, పేజీ తెరుచుకోదు. ఈ రెండు హెడర్లూ డీకిమ్ సంతకం కిందికి రావాలనీ, లింకు హెచ్‌టీటీపీఎస్ అయి ఉండాలనీ, జవాబుగా రీడైరెక్ట్ ఇవ్వకూడదనీ కూడా ప్రమాణం చెబుతుంది. రీడైరెక్ట్ అయినప్పుడు `POST` దారిలో `GET` గా మారిపోయే పాత జబ్బు ఉంది. క్లిక్ ట్రాకింగ్ అంటేనే రీడైరెక్ట్. కాబట్టి ట్రాకింగూ, ఈ పద్ధతిలో అన్‌సబ్‌స్క్రైబూ ఒకే లింకులో ఇమడవు.

ప్రమాణం వచ్చిన ఆరేళ్ళకుగానీ దానికి కోరలు రాలేదు. 2023 అక్టోబరులో గూగుల్, యాహూ కొత్త షరతులు ప్రకటించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 లేదా అంతకుమించి మెయిళ్ళు పంపేవారు మార్కెటింగ్ మెయిళ్ళలో ఈ ఒక్క నొక్కు పద్ధతి పెట్టాలి, కోరిన రెండు రోజుల్లో పేరు తీసెయ్యాలి. 2024 ఫిబ్రవరి నుంచి షరతులు అమల్లోకి వచ్చాయి, ఒక్క నొక్కుకు జూన్ 1 వరకు గడువిచ్చారు. అమెరికా క్యాన్-స్పామ్ చట్టం 2003లోనే వచ్చినా, పేరు తీసెయ్యడానికి పది పనిదినాలు ఇస్తుంది. చట్టం చేయించలేని పనిని 'ఇన్‌బాక్స్‌కు రానివ్వం' అన్న బెదిరింపు చేయించింది. మన దగ్గర ట్రాయ్ నిబంధనలు కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకే గానీ ఈమెయిల్‌కు వర్తించవు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది.

హెడర్ సంగతి ఇలా తేలినా మెయిల్ అడుగున ఉండే లింకు అలాగే మిగిలింది. అక్కడే నిర్లక్ష్యం ఎక్కువ. పంపిణీ సేవ 'అన్ని లింకులూ' తిరగరాసేటప్పుడు అన్‌సబ్‌స్క్రైబ్ కూడా కలిసిపోతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. అన్‌సబ్‌స్క్రైబ్ లింకులో టోకెన్ ఉండటం తప్పు కాదు. ఎవరి పేరు తీసెయ్యాలో తెలియాలి కదా. (అందుకే మీకొచ్చిన మెయిల్ యథాతథంగా ఫార్వర్డ్ చేస్తే అవతలివాళ్ళు మిమ్మల్నే జాబితాలోంచి తీసెయ్యగలరు.) దాని మీద ట్రాకింగ్ మూట కూడా కట్టడమే అనవసరం. ఆ మూట వల్ల లింకు పనిచెయ్యడానికి రెండు సర్వర్లు బతికుండాలి. ప్రకటనలు అడ్డుకునే డీఎన్‌ఎస్ ఫిల్టర్లు ట్రాకింగ్ డొమైన్లను మూసేస్తాయి. అంటే నిఘా వద్దనుకుని ఫిల్టర్ పెట్టుకున్న మనిషికే, నిఘా నుంచి బయటపడే లింకు తెరుచుకోదు! `click.shop.example` కు సర్టిఫికెట్ గడువు తీరితే బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. దుకాణం వేరే పంపిణీ సేవకు మారి పాత డొమైన్ వదిలేస్తే, పాత మెయిళ్ళలోని అన్‌సబ్‌స్క్రైబులన్నీ చచ్చిపోతాయి. మెయిల్ పంపాక కనీసం 30 రోజులు ఆ మార్గం పనిచెయ్యాలని క్యాన్-స్పామ్ అడుగుతుంది, ఇలాంటి మార్పిడుల హడావుడిలో అది గుర్తుండేవాళ్ళు తక్కువ.

సరిచెయ్యడం మాత్రం ఒక్క మాట పని. అమెజాన్ ఎస్‌ఈఎస్‌లో అయితే లింకుకు ఇలా గుర్తు పెడితే దాన్ని ముట్టుకోదు:

```
<a ses:no-track href="https://shop.example/u/9fKx31">అన్‌సబ్‌స్క్రైబ్</a>
```

సెండ్‌గ్రిడ్‌లో `clicktracking="off"` అని రాస్తారు. ఆ లింకు తెరుచుకున్నాక వచ్చే పేజీలో ఒకే బటన్ ఉండి, అది నొక్కితే `POST` వెళ్ళాలి. పేజీ తెరవగానే జావాస్క్రిప్ట్ తనంతట తనే ఫారం పంపేలా పెట్టడం కొందరి తెలివి. కాపలా యంత్రాల్లో కొన్ని జావాస్క్రిప్ట్‌ను కూడా నడిపిస్తాయి కాబట్టి ఆ తెలివి మళ్ళీ మొదటికే తెస్తుంది. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు, ఒక్కసారే పనిచేసే లాగిన్ లింకు పెట్టేవారికీ ఇదే పాఠం. 'లింకు ఇప్పటికే వాడేశారు' అని ఆఫీసు మెయిల్ వాడేవాళ్ళు ఫిర్యాదు చేస్తే, వాడింది వాళ్ళు కాకపోవచ్చు.

కాపలావైపు తిరగరాతకూ హద్దుంది. ఫలానా కంపెనీ మూట కనబడగానే 'పరీక్షించిన లింకే' అన్న భరోసా జనంలో కలుగుతుంది. మోసగాళ్ళు దాన్నే వాడుకున్నారు. 2025లో క్లౌడ్‌ఫ్లేర్ బయటపెట్టిన పద్ధతిలో, దుండగులు ముందు కాపలా ఉన్న ఖాతా ఒకటి చేజిక్కించుకుంటారు. తమ ఫిషింగ్ లింకును ఆ ఖాతా గుండా పంపితే ప్రూఫ్‌పాయింట్ లాంటి సంస్థ మూట దానికదే పడుతుంది. ఆ మూటకట్టిన లింకును ఇతరులకు పంపుతారు. పైకి కనబడేది పెద్ద సెక్యూరిటీ కంపెనీ పేరు, లోపల నకిలీ లాగిన్. నొక్కే సమయానికి ఆ గమ్యం చెడ్డదని కంపెనీకి ఇంకా తెలియకపోతే తలుపు తెరుచుకుంటుంది. పైగా అసలు అడ్రసు మూటలో దాగడం వల్ల, మౌసు ఆనించి చదివి అనుమానించే అలవాటున్నవాళ్ళకూ ఆ అవకాశం పోతుంది.

నిజానికి నొక్కే క్షణంలో చేసే ఆ పరీక్షను లింకును ముట్టుకోకుండానే చెయ్యొచ్చు. మైక్రోసాఫ్ట్ సేఫ్ లింక్స్‌లో అందుకు సెట్టింగ్ ఉంది. మెయిల్‌లోని అడ్రసులను యథాతథంగా వదిలేసి, నొక్కినప్పుడు ఔట్‌లుక్ యాపే వెనకనుంచి మైక్రోసాఫ్ట్‌ను అడిగి చూసుకుంటుంది. ఔట్‌లుక్‌లో చదివేవారికి ఇది చాలు. అదే ఆఫీసు మెయిల్‌ను ఫోన్‌లో వేరే యాప్‌లో తెరిచేవారికి ఆ ప్రశ్న అడిగేవారుండరు, అక్కడ కాపలా ఉండదు. ఉద్యోగులంతా ఏ యాప్ వాడుతున్నారో తేల్చుకోలేని ఐటీ విభాగాలు మూటకట్టడాన్నే ఎంచుకుంటాయి. లింకుల్లోని డొమైన్లలో నమ్మదగినవాటిని మాత్రం 'తిరగరాయవద్దు' అనే జాబితాలో పెట్టుకునే వీలుంది. ఆ జాబితాలో క్లిక్ ట్రాకింగ్ డొమైన్లను చేర్చమని మార్కెటింగ్ విభాగం అడిగితే ఒప్పుకోకూడదు. ట్రాకింగ్ డొమైన్ గమ్యాన్ని ఎప్పుడైనా మార్చగలదు, వందల కంపెనీలు ఉమ్మడిగా వాడేదైతే వాటిలో ఎవరైనా మార్చగలరు.